తాత్పర్యం పీరియడు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకి రెండు పేజీలు రాసిమ్మని కమిటీ వాళ్లు అడిగారు, బడి రోజుల గురించి అన్నారు. కబడ్డీ ఫైనలు, సైన్సు గదిలో మంట, హెడ్మాస్టరు గారి సైకిలు – ఇవన్నీ నాకంటే బాగా రాసేవాళ్లు మన బ్యాచ్‌లో ఉన్నారు. నేను తెలుగు మాస్టారి తాత్పర్యం పీరియడు గురించే రాస్తాను. న్యూజెర్సీలో వారాంతపు తెలుగు బడిలో పాఠం చెప్పే నాకు ఇన్నేళ్లుగా పనికొస్తున్నది తొమ్మిది 'బి'లో నేర్చుకున్న ఆ ఒక్క పద్ధతే. మనలో చాలామంది మనవలు విదేశాల్లోనే పెరుగుతున్నారు కనుక ఇది మీకూ అక్కరకొస్తుంది.

పద్యం అప్పజెప్పగానే మాస్టారు కూర్చోనిచ్చేవారు కాదు. "ఇప్పుడు మీ అమ్మకి చెప్పినట్టు చెప్పు" అనేవారు. గైడులోని వాక్యం మొదలైతే రెండో మాట దగ్గరే ఆపేసేవారు. 'కావున' బ్యాచ్ ఎవరో వాళ్లకే తెలుసు, ఇక్కడ పేర్లు రాయను. ఇంటి మాటైనా, పొలం మాటైనా ఆయనకి అభ్యంతరం లేదు. వాక్యం మాత్రం మన నోట్లో తయారైందై ఉండాలి. పదికి నాలుగు మార్కులు పద్యానికి, ఆరు సొంత మాటకి. పద్యం తడుముకున్నవాడికి ఆరొచ్చి, గడగడా అప్పజెప్పినవాడికి నాలుగే వస్తే అన్యాయమని మనం గొడవ చేశాం. ఆ లెక్క ఎంత సరైనదో అమెరికాలో పిల్లల్ని చూశాకే నాకు బోధపడింది.

అక్కడ ఉగాది కార్యక్రమంలో ఏడేళ్ల పిల్ల పట్టు లంగా కట్టుకుని మూడు శతక పద్యాలు తప్పు లేకుండా చెబుతుంది. వేదిక దిగగానే వాళ్ల అమ్మమ్మ "ఆకలేస్తోందా?" అంటే "ఐ యామ్ ఫైన్" అంటుంది. ఆ పిల్లకి పద్యం ఒక రాగం లాగా చెవిలో నిలిచింది. సొంతంగా వాక్యం కట్టడం వేరే విద్య, అది అలవాటు కాలేదు. తల్లిదండ్రులు మొదటిది చూసి రెండోది కూడా ఉందనుకుంటారు. లేదని తెలిసేసరికి పిల్లకి పన్నెండేళ్లు దాటుతాయి.

ఇది ఎంత దూరం వెళ్తుందో మారిషస్ తెలుగువాళ్లని చూస్తే తెలుస్తుంది. 1830ల నుంచి కోరంగి రేవు మీదుగా, ఉత్తర కోస్తా ఊళ్ల నుంచి చెరకు తోటల్లో పనికి వెళ్లినవాళ్ల సంతతి వాళ్లు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. ఆంధ్ర మహాసభ 1947 నుంచి ఉంది. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరి పండుగ, దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజన ఇప్పటికీ నడుస్తున్నాయి. బడుల్లో తెలుగు పాఠం ఉంది, మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉపాధ్యాయులకి శిక్షణ ఉంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ దేశంలోనే. అయినా ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు మాట్లాడుకునేది అక్కడి వాడుక భాష క్రియోల్. భజన పాటలు రోమన్ లిపిలో రాసుకుని పాడేవాళ్లున్నారు. తాము తెలుగువాళ్లమన్న స్పృహ ఆచారం వల్ల ఐదారు తరాలు నిలిచింది, మాట నిలవలేదు. ఆచారాన్ని కాపాడితే భాష దానంతట అదే వస్తుందని నమ్మే మిత్రులకి నేను ముందుగా చెప్పేది ఈ సంగతే. పాటకి, పూజకి శ్రుతి, క్రమం ఉంటే చాలు, పిల్ల సొంతంగా వాక్యం కట్టే అవసరం వాటిలో రాదు.

మలేషియాలో ఇంకో రకంగా జరిగింది. పెరాక్‌లో బాగన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో తెలుగు కుటుంబాలు గుంపుగా ఉన్నన్నాళ్లూ మాట నిలిచింది. పిల్లలు తమిళ బడులకి వెళ్లిన చోట, కుటుంబాలు తోటలు వదిలి పట్నాలకి చేరిన చోట తమిళమో, ఇంగ్లీషో ఇంటి భాష అయింది. మాట కలిపే పొరుగు పిల్లలు లేకపోతే ఇల్లొక్కటే భారం మోయాలి. అమెరికాలో మనవాళ్ల పరిస్థితీ అదే.

ఇంట్లో తెలుగు ఎలా జారిపోతుందో ఒక మామూలు కుటుంబాన్ని తీసుకుని చెబుతాను. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, ఏటేటా మా బడికొచ్చే ఇళ్లలో కనిపించే వరస. మొదటి పిల్లకి మూడేళ్లు వచ్చేదాకా అన్నీ తెలుగులోనే. అమ్మమ్మ ఆరు నెలలుండి వెళ్తుంది. ఐదో ఏట కిండర్‌గార్టెన్ మొదలవుతుంది. కొన్ని నెలలకి పిల్ల ప్రశ్న అర్థం చేసుకుంటూనే ఇంగ్లీషులో జవాబివ్వడం మొదలుపెడుతుంది. తల్లిదండ్రులు దాన్ని పట్టించుకోరు, ఎందుకంటే సంభాషణ ఆగలేదు కదా. తర్వాత తమ్ముడు పుడతాడు. వాడితో అక్క మాట్లాడేది ఇంగ్లీషే. అమ్మానాన్నలు ఆఫీసులో ఉన్నా, వంటింట్లో ఉన్నా రోజంతా వాడి చెవిన పడేది అక్క మాటే. అందుకే రెండో పిల్లవాడి తెలుగు మొదటి పిల్ల తెలుగులో సగం కూడా ఉండదు. 'వీడికి భాషలు రావు' అని వాణ్ణి అంటారు, కానీ వాడికి అందిన మాటలే తక్కువ.

తల్లిదండ్రుల నోటి నుంచి ముందు జారిపోయేవి క్రియలు, ఇది చాలామంది గమనించరు. ఉల్లిపాయ కట్ చెయ్యి, చేతులు వాష్ చేసుకో, తలుపు ఓపెన్ చెయ్యి, అన్నం మిక్స్ చేస్తాను – ఇవన్నీ మన చెవికి తెలుగు లాగే వినిపిస్తాయి. తరగడం, కడగడం, తెరవడం, కలపడం అన్న మాటలు ఆ పిల్లకి ఎన్నడూ వినపడలేదు. ఆమెకి తెలిసిన తెలుగు క్రియ 'చెయ్యి' ఒక్కటే. నామవాచకాలు బొమ్మల పుస్తకంలో దొరుకుతాయి. క్రియలు పని జరుగుతుంటే విని నేర్చుకోవలసినవి. అందుకని మా బడికొచ్చే తల్లిదండ్రులకి మొదటి నెల ఒకటే పని చెబుతాను. వంటింటి క్రియలు ఓ ఇరవై రాసి గోడకి అంటించండి, పిల్ల పక్కన నిలబడి ఉన్నప్పుడు వాటినే వాడండి: తరుగు, కడుగు, వడకట్టు, వంచు, చల్లార్చు, ఒలుచు, దంచు. ఒకేసారి అన్నీ వద్దు. వారానికి ఐదు చాలు.

తెలుగు తగ్గుతోందని ఎలా కనిపెట్టాలి? మాటల సంఖ్య లెక్కపెడితే తెలియదు, వాక్యం కట్టిన తీరు వినాలి. 'నాకు ఆకలేస్తోంది' పోయి 'నేను ఆకలిగా ఉన్నాను' వస్తే మొదటి గుర్తు. ఇంట్లోవాళ్లతో మాట్లాడుతూ 'మనం వెళ్దాం' అనాల్సిన చోట 'మేము వెళ్తాం' అంటే రెండోది. ఎదుటివాళ్లని కలుపుకున్నామా, వదిలేశామా అన్న తేడా ఇంగ్లీషు 'వుయ్'లో కలిసిపోతుంది. తాతగారిని 'నువ్వు తిన్నావా' అంటే అది పొగరు అనుకోకండి, 'మీరు'కి తగిన క్రియారూపం విన్నది తక్కువ. 'నిన్న వచ్చిన మామయ్య' అనలేక 'మామయ్య, హూ కేమ్ నిన్న' అంటే అప్పటికి చాలా జారింది. అక్షరాలు రావడానికీ దీనికీ సంబంధం లేదు. గుణింతాలన్నీ రాయగలిగి ఇలా మాట్లాడే పిల్లలు నా తరగతిలో ప్రతి ఏడూ ఉంటారు.

ఇక్కడే మాస్టారు అక్కరకొచ్చారు. మా బడి వారానికి రెండు గంటలు, ఏడాదికి ముప్ఫై వారాలు. అంటే అరవై గంటలు. అందులో పిల్లకి నోరు విప్పే వంతు వచ్చేది ఎంతసేపు? అందుకే నేను తరగతిలో పద్యానికి పావుగంటకి మించి ఇవ్వను, మిగతాదంతా తాత్పర్యమే. ఓ కోతి, మొసలి కథ చెబుతాను. తర్వాత పుస్తకం మూసి ఒక్కొక్కరూ సొంత మాటల్లో చెప్పాలి. మధ్యలో ఇంగ్లీషు మాట వస్తే ఆపను, ఆపితే పిల్ల మూగబోతుంది. వాక్యం పూర్తయ్యాక దాన్నే తెలుగులో నేనొకసారి చెబుతాను, ఆ పిల్ల మళ్లీ చెబుతుంది. 'క్రోకొడైల్ వాణ్ణి ఈట్ చేద్దామనుకుంది' అన్నది రెండోసారికి 'మొసలి వాణ్ణి తిందామనుకుంది' అవుతుంది. తప్పు పట్టడం, నవ్వడం రెండూ నిషిద్ధం. యాసని చూసి నవ్విన బంధువు ఒక్కడుంటే చాలు, ఆ ఇంట్లో పిల్ల తెలుగు మానేస్తుంది. శ్రీకాకుళం తాతగారు, తెలంగాణ నాయనమ్మ ఉన్న ఇళ్లలో ఏది 'సరైన' తెలుగన్న వాదన పిల్లల ముందు వద్దు.

పద్నాలుగేళ్లు దాటాక మన మాట మీద వాళ్లు తెలుగు నేర్చుకోరు, వాళ్లకి సొంత కారణం కావాలి. కాలిఫోర్నియా 2011లో చట్టం చేసి, రెండు భాషలొచ్చిన విద్యార్థికి హైస్కూలు డిప్లొమా మీద ముద్ర వేయడం మొదలుపెట్టింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే చేశాయి. అలాంటి ముద్ర కోసం మొదలుపెట్టి, తర్వాత ఇష్టంతో కొనసాగించిన పిల్లల్ని చూశాను. నా దగ్గర చదువుకున్నవాళ్లు కొందరు ఇప్పుడు అదే బడిలో చిన్నవాళ్లకి కథలు చెబుతున్నారు. మాస్టారికి ఈ ముక్క చెప్పగలిగి ఉంటే బాగుండేది.

ఆచారం వద్దని కాదు నేను చెప్పేది. మాట అవసరమయ్యే ఆచారాలు ఎంచుకోండి అంటున్నాను. పురోహితుడు మంత్రం చదివి అందరూ అక్షింతలు వేసే పూజలో పిల్లకి మాట్లాడే పనేమీ లేదు. బొమ్మల కొలువులో ఉంది: పేరంటానికి పిలవాలి, ఏ బొమ్మ ఎక్కడిదో వచ్చినవాళ్లకి చెప్పాలి. అట్లతద్దికి ఆటలున్నాయి, పాటలున్నాయి. పెళ్లిలో మేనమామ, ఆడపడుచు ఏం చెయ్యాలో పిల్లలకి ముందే అప్పగిస్తే, ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగి తెలుసుకుంటారు. అందరూ ఆంటీ, అంకుల్ అయిన ఇంట్లో ఆ ప్రశ్నే పుట్టదు.

ఇక మీ వంతు, ఆదివారం వీడియో కాల్. "తిన్నావా, బాగా చదువుతున్నావా" అంటే రెండు 'ఊ'లతో అయిపోతుంది. "తెలుగులో ఒక మాట చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టకండి, పిల్ల కెమెరా ముందు నుంచి లేచిపోతుంది. ఒక పని చేస్తూ మాట్లాడండి. పాలకూర కట్ట ముందు పెట్టుకుని ఏం చేస్తున్నారో చెబుతూ ఏరండి, వాళ్ల చేతిలో ఏముందో చూపించమనండి, అది ఎలా పని చేస్తుందో వివరించమనండి. మీకు తెలియని విషయమైతే ఇంకా మంచిది, నిజంగా తెలియక అడిగితే పిల్లలు ఓపికగా చెబుతారు. జవాబు ఇంగ్లీషులో వస్తే విసుక్కోవద్దు. "ఓహో, చక్రం ఊడిపోయిందా?" అని తెలుగులో తిరిగి అడిగి ఆగండి. ఆ మౌనం మనకి కష్టంగా ఉంటుంది, పక్కనున్న కొడుకో కోడలో కంగారుపడి పిల్ల బదులు జవాబు చెప్పేస్తారు. వాళ్లని కాసేపు గదిలోంచి వెళ్లమనండి.