సీల్డ్ బాక్సు ఫోటోల్లో ఏం చూడాలో మా బాబాయ్ నేర్పిన రోజు

మాది విజయవాడ. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. 2023 జనవరిలో పెళ్లిళ్ల సీజన్ ముందు నా సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కార్డు పోయింది. ఆర్‌టీఎక్స్ 3060 కొత్తది దుకాణంలో 30 వేల దరిదాపుల్లో ఉంది. సెకండ్ హ్యాండ్ యాప్‌లో ఒకతను అదే కార్డును 19 వేలకి పెట్టాడు. ‘సీల్డ్ ప్యాక్, అసలు తెరవలేదు’ అని రాశాడు. ఫోన్ చేస్తే హైదరాబాద్‌లో చదువుకుంటున్న అబ్బాయి. 2021 జూన్ నాటి బిల్లు కూడా ఉందన్నాడు.

ఆ తేదీ దగ్గరే నాకు మొదటి అనుమానం వచ్చింది. 2021లో కార్డులు దొరక్క జనం రెట్టింపు ధర పెట్టి కొన్నారు. అంత ఖరీదైన వస్తువుని ఎవరు కొని, ఏడాదిన్నర విప్పకుండా దాచుకుంటారు? పైగా 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం, అంటే కార్డులతో లెక్కలు చేయించి ఆ కరెన్సీ సంపాదించడం, ఆగిపోయింది. రాత్రింబవళ్లు నడిచిన కార్డులు ఆ తర్వాత కుప్పలుగా మార్కెట్లోకి వచ్చాయి. వాటిని తుడిచి, బాక్సులో పెట్టి, పైన కవర్ వేసి కొత్తవని అమ్ముతున్నారని మా సర్కిల్లో అందరికీ తెలుసు.

అబ్బాయి వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు పంపాడు. చూడ్డానికి బాక్సు మెరుస్తోంది, సీల్ బాగానే ఉంది. కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది. అందులో మొదట చెరిగిపోయేవి కవర్ మీది సన్నటి గీతలు, సూదిమొనంత రంధ్రాలే. అందుకే అవే ఫోటోలు డాక్యుమెంట్‌గా పంపమన్నాను. అలా పంపితే అసలు ఫైల్ అలాగే వస్తుంది, ఏ ఫోన్‌తో ఎప్పుడు తీశారన్న వివరం కూడా దాంట్లో ఉంటుంది. వచ్చాక, ఫోటో ఫైల్లోని వివరాలు చూపించే exiftool అనే ప్రోగ్రామ్‌తో ఇలా చూశాను:

```
exiftool -f -DateTimeOriginal -Model *.jpg
```

మూడు ఫోటోలకి తేదీ, ఫోన్ మోడల్ కనిపించాయి. నాలుగో దానికి రెండు చోట్లా గీత మాత్రమే ఉంది, అంటే ఆ వివరం ఫైల్లో లేదు. వాట్సాప్‌లో ఒకసారి ప్రయాణించిన ఫోటో అలాగే ఉంటుంది. అడిగాను. ‘అది నాకు అమ్మినాయన పంపిన ఫోటో అన్నా’ అన్నాడు. తను మొదటి ఓనర్ కాదని అప్పుడు బయటపడింది. నెల క్రితం వేరొకరి దగ్గర సీల్డ్ అని కొన్నాడట, ఇంట్లో డబ్బు అవసరమై అమ్ముతున్నాడు. ఈ వివరాలు ఎవరైనా మార్చేయవచ్చు కాబట్టి వీటితో దేన్నీ నిరూపించలేం. కానీ ఏం అడగాలో తెలిసింది.

మా బాబాయ్‌కి పచ్చళ్ల ప్యాకింగ్ యూనిట్ ఉంది. అమెరికా వెళ్లే గిఫ్ట్ బాక్సులకి రోజూ ష్రింక్ కవర్ వేస్తారు. ఫోటోలు పట్టుకెళ్లి ఆయన లాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూపించాను. కళ్లజోడు సవరించుకుని ఒకే ప్రశ్న వేశారు.

‘ఒరేయ్, గాలి ఎటు పోయింది దీంట్లోంచి?’

నాకు అర్థం కాలేదు. మెషిన్ దగ్గరికి తీసుకెళ్లి ఒక ఖాళీ అట్టపెట్టె ప్యాక్ చేసి చూపించారు. ఫిల్మ్ రోల్ మధ్యకి మడతపెట్టే వస్తుంది. పెట్టెని ఆ మడతలో దూర్చి, ఎల్ ఆకారంలో ఉండే వేడి కడ్డీని దించితే ఒకేసారి రెండు పక్కలు అతుక్కుంటాయి. మూడో పక్క అంతకుముందు పెట్టెకి కడ్డీ దించినప్పుడే అతుక్కుని ఉంటుంది. అంటే మూడు పక్కల అతుకు, ఒక పక్క మడత. అతుకు సన్నగా, తిన్నగా, పెట్టె ఎత్తులో ఒకే మట్టంలో సాగుతుంది. ఇప్పుడది గాలి నిండిన సంచి. వేడిగాలి టన్నెల్లోకి వెళ్లినప్పుడు ఫిల్మ్ ముడుచుకోవాలంటే లోపలి గాలి బయటికి పోవాలి. అందుకే మెషిన్‌లో ముళ్ల చక్రం ఒకటి ఫిల్మ్‌కి వరసగా చిన్న రంధ్రాలు పెడుతుంది. ముడుచుకున్నాక అవి గుండ్రంగా, అంచు కాస్త దళసరిగా, సమాన దూరంలో కనిపిస్తాయి. టన్నెల్లో వేడి అన్ని వైపుల నుంచీ ఒకేసారి తగులుతుంది కాబట్టి ఫిల్మ్ బిగువు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది.

తర్వాత అదే పెట్టెకి చేత్తో పట్టుకునే హీట్ గన్‌తో కవర్ వేశారు. గన్ ఒకసారికి ఒక్కచోటే కొడుతుంది. ఎక్కడ ఎక్కువసేపు నిలిపితే అక్కడ ఫిల్మ్ తెల్లగా మసకబారింది, పక్కన ముడతలు గుంపుగా మిగిలాయి. మూలల్లో కుక్క చెవుల్లా కొసలు లేచాయి. గాలి పోవడానికి దారి లేక పైభాగం ఉబ్బింది. అప్పుడాయన సూదితో ఒక పొడుపు పొడిచారు. ఆ రంధ్రం వేడికి సాగి బఠాణీ గింజంత అయింది.

మళ్లీ ఫోటోలకి వచ్చాం. ముందువైపు రంధ్రాలే లేవు. వెనకవైపు, బార్‌కోడ్ కింద, ఒకే ఒక్క పెద్ద రంధ్రం, అంచు వంకరగా ఉంది. బాబాయ్ దాన్ని వేలితో చూపించి ఊరుకున్నారు.

కానీ నేను తొందరపడి ‘మోసం’ అనేస్తే ఆయన ఒప్పుకోలేదు. ‘కవర్ చేత్తో వేశారని మాత్రమే తెలిసింది. చిరిగితే దుకాణం వాడు కూడా మళ్లీ వేస్తాడు. అలాగే నా మెషిన్‌లో పెడితే లోపల ఇటుక ఉన్నా సీల్ ఫ్యాక్టరీదిలాగే వస్తుంది’ అన్నారు. ఇంకా మంచి ఫోటోలు తెప్పించమన్నారు.

ఈసారి అబ్బాయికి వివరంగా చెప్పాను. ఫ్లాష్ వద్దు, ఎదురుగా పడే వెలుతురులో అతుకులు మాయమైపోతాయి. గది చీకటి చేసి, బాక్సుని టేబుల్ మీద పెట్టి, టార్చ్‌ని పక్క నుంచి టేబుల్‌కి ఆనించి వేయాలి. అలా ఏటవాలు వెలుతురు పడితే ప్రతి ముడతకీ నీడ వస్తుంది. ఆరు వైపులూ, ఎనిమిది మూలలూ కావాలన్నాను. పాపం, విసుక్కోకుండా పంపాడు.

ఆ ఫోటోల్లో రెండు విషయాలు దొరికాయి. మొదటిది, కింది కుడి మూల అట్ట నొక్కుకుపోయి, ఇంకు లేచి తెల్లగా ఉంది. ఆ దెబ్బ కవర్ మీద పడి ఉంటే అక్కడ ఫిల్మ్ గీసుకుపోవాలి, నలగాలి. కానీ ఆ నొక్కు మీద ఫిల్మ్ నున్నగా బిగుసుకుని ఉంది. దెబ్బ ముందు తగిలింది, కవర్ తర్వాత వచ్చింది. నేను ఎక్కువసేపు చూసింది ఈ మూలనే. రంధ్రాల గురించి వాదించొచ్చు, దీని గురించి వాదన లేదు.

రెండోది ఎమ్మార్పీ స్టిక్కర్. దిగుమతి చేసుకున్న వస్తువు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ధర ఉండాలన్నది మన తూనికలు కొలతల చట్టం కింద ఉన్న నిబంధన. మామూలుగా సరుకు ఇక్కడికి వచ్చాక ఆ స్టిక్కర్ అంటిస్తారు. ఫ్యాక్టరీలోనే కవర్ వేసి ఉంటే స్టిక్కర్ కవర్ పైన ఉండాలి. దీంట్లో అది కవర్ కింద ఉంది, కాస్త వంకరగా, ఒక మూల లేచి. కొన్ని కంపెనీలు మన దేశానికి పంపే సరుకుకి ఫ్యాక్టరీలోనే స్టిక్కర్ వేస్తాయి కాబట్టి ఇదొక్కటే అయితే పట్టించుకునేవాణ్ణి కాదు. నొక్కుకుపోయిన మూలతో కలిపి చూస్తే మాత్రం ఈ కవర్ మన దేశంలో, బాక్సు కొన్నాళ్లు తిరిగాక వేసిందనే అనిపించింది.

ఇక లోపల ఏముంది? బాక్సుని వంటింటి కాటా మీద పెట్టి, పక్కన ఆ రోజు తేదీ రాసిన చీటీ ఉంచి ఫోటో తీయమన్నాను. 1,312 గ్రాములు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాకు తెలిసిన దుకాణంలో అదే కంపెనీ, అదే మోడల్ కొత్త బాక్సుని తూకం వేయిస్తే 1,305 గ్రాములు. ఆ దుకాణం బాక్సుకి కవర్ లేదు, మూత మీద గుండ్రటి పారదర్శక సీల్ స్టిక్కర్ మాత్రమే. ఆ మోడల్ ఎప్పుడూ అలాగే వస్తుందన్నారు. ఏడు గ్రాముల తేడా ఆ ఫిల్మ్‌దే కావచ్చు. బిల్లు మీది సీరియల్ నంబరూ, బాక్సు మీదిదీ కలిశాయి. బాక్సు అసలుది, బిల్లు అసలుది, తూకం సరైంది.

తూకం సరిపోయిందని సంతోషించాల్సిన పని లేదని అప్పుడే అర్థమైంది. లోపల రాయి లేదని మాత్రమే అది చెబుతుంది. అదే మోడల్ పాత కార్డు పెడితే బరువులో తేడా ఎక్కడిది? ఇక ఫోటోలతో తేలే విషయం కాదు.

అబ్బాయికి ఉన్నదున్నట్టు చెప్పాను, ఫోటోల మీద గీతలు గీసి పంపాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘మీరు రండన్నా, మీ ముందే తెరుద్దాం. నాకూ తెలియాలి’ అన్నాడు. ఆ ఆదివారం ఆ దుకాణంలోనే కలిశాం. కవర్ కోసే ముందు నుంచీ ఆపకుండా వీడియో తీశాం. కవర్ తీయగానే మూత మీది గుండ్రటి స్టిక్కర్ మధ్యలో బ్లేడుతో కోసిన గీత బయటపడింది. లోపల అదే మోడల్ కార్డు. కానీ దాని వెనక ఉన్న సీరియల్ నంబరు బాక్సుది కాదు. స్లాట్‌లో దూరే బంగారు రంగు పళ్ల మీద లోతుగా గీతలు. ఫ్యాక్టరీలో టెస్ట్ చేసినప్పుడు కూడా ఒకటి రెండు సన్నటి గీతలు పడతాయి, ఇవి అలాంటివి కావు. స్క్రూల తలలు అరిగి ఉన్నాయి. మెమరీ చిప్‌ల చుట్టూ థర్మల్ ప్యాడ్ల నుంచి కారిన నూనె జిడ్డు. ఎన్ని నెలలు వేడిలో నడిచిందో.

అబ్బాయి ముఖం చూడలేకపోయాను. తను 17 వేలు పెట్టి కొన్నాడు. వీడియో, ఫోటోలు, రెండు సీరియల్ నంబర్లు అన్నీ అతని ఫోన్‌లోకి ఎక్కించాను. అమ్మినవాణ్ణి అడగడానికీ, అవసరమైతే సైబర్ క్రైమ్ వాళ్లకి ఇవ్వడానికీ ఉంటాయని. నేను ఆ దుకాణంలోనే కొత్త కార్డు బిల్లుతో కొనుక్కున్నాను.

కోసిన కవర్ మడిచి జేబులో పెట్టుకుని వచ్చాను. బాబాయ్ దాన్ని ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పట్టి చూశారు. అతుకు ఒకచోట రెండు వరసలుగా ఉంది, మొదటిసారి సరిగా అంటక మళ్లీ నొక్కినట్టు. తన రోల్ నుంచి జానెడు ఫిల్మ్ కోసి, రెండూ వేళ్ల మధ్య నలిపి చూసి, ‘మన దగ్గరున్న రకమేరా ఇది’ అన్నారు.