బారో అంటే అతని దగ్గరే ఉందనుకున్నా

పదకొండు దాటింది. లైటు తీసేయమని ఆయన రెండుసార్లు అన్నారు. ఇది రాస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

పొద్దున టెస్టింగ్ ఫోన్ కనపడలేదు. గ్రూపులో అడిగితే, సెలవులో ఉన్న కొత్త అబ్బాయి "ఐ బారోడ్ ఇట్ టు డిజైన్ టీమ్" అని పెట్టాడు. బారోడ్ అంటే తను తీసుకున్నాడనేగా! ముప్పావుగంట అతని డెస్కు, సొరుగులు అన్నీ వెతికాను. ఫోనేమో డిజైన్ వాళ్ళ దగ్గర ఛార్జింగులో ఉంది. అతను ఇచ్చాడు. అంటే "లెంట్" అని రాయాలి. ఆ "టు" చూసినా నాకు తెలిసేది. బారోకి "ఫ్రమ్" రావాలి, "టు" వచ్చేది లెండ్‌కే. కానీ హడావిడిలో అంత చిన్న మాట ఎవరు చూస్తారు?

కోపంతో గ్రూపులోనే తప్పు దిద్దుతూ నాలుగు లైన్లు టైప్ చేశాను. పంపలేదు. నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది.

ఫోన్ మీటింగ్. మేనేజర్ మాట మధ్యమధ్యలో తెగిపోతోంది. చాట్‌లో "సారీ, ఐ యామ్ నాట్ లిజనింగ్ టు యూ" అని పెట్టాను. నా ఉద్దేశం, వినపడట్లేదని. ఆవిడ చదివింది, మీరు చెప్పేది నేను పట్టించుకోవట్లేదని. మాట్లాడ్డం ఆపేశారు. ఆ తర్వాత వారం రోజులు నాతో ముక్తసరిగానే ఉన్నారు. "ఐ కాంట్ హియర్ యూ" అంటే సరిపోయేదని చాలా రోజులకు ఒక సీనియర్ అక్క చెప్పింది. అప్పుడు కడుపులో తిప్పినట్టయింది, ఇప్పటికీ అవుతుంది.

ఇదంతా తెలుగు వల్లేనని రాయబోయాను. అప్పు విషయంలో అది నిజమే. ఇచ్చినా అప్పే, తెచ్చుకున్నా అప్పే, పక్కనున్న క్రియే దారి చూపిస్తుంది. కానీ వినడం సంగతి అలా కాదు. "వినపడట్లేదు" వేరు, "వినట్లేదు" వేరు. ఈ తేడా మనకి పుట్టుకతో తెలుసు. టైప్ చేసేముందు ఆ మాట తెలుగులో అనుకుని ఉంటే నేను తప్పు రాసేదాన్నే కాదు. అన్నిచోట్లా అలా కుదరదులెండి. "మీరు మానేస్తున్నారని విన్నాను" అన్నప్పుడు అక్కడ హర్డ్ అనే రావాలి.

తెచ్చేదీ అంతే. "తీసుకురా"లో ముందు "తీసుకు" వినిపిస్తుంది కాబట్టి చేయి టేక్ వైపు పోతుంది. చివరనున్న "రా" పట్టుకుంటే బ్రింగ్ దొరుకుతుంది.

ఆ నాలుగు లైన్లూ చెరిపేశాను. సోమవారం అతను వచ్చాక పక్కకు పిలిచి చెప్తాను. "టు" సరిగ్గానే రాశావు, మాటే మారిందని.