మొత్తాలు కలిసినా తప్పులే: ఒక పట్టికను సరిచూసిన తీరు

పూర్తయిన పట్టిక చేతికి రాగానే చాలామంది చేసే పని కింది మొత్తాన్ని ఒకసారి కూడి చూడటం. కూడిక కలిస్తే పక్కన టిక్కు పెట్టేస్తారు. నేను ఇలాంటి పట్టికలు సరిచూస్తుంటాను. వాటిలో అసలు ప్రమాదకరమైన తప్పులు కూడికకు దొరకవు. ఎందుకు దొరకవో, మరి దేనికి దొరుకుతాయో చూపడానికి ఎనిమిది ప్రాంతాల పంట లెక్క మంచి ఉదాహరణ. ప్రాంతాల పేర్ల బదులు 1 నుంచి 8 దాకా అంకెలు వేశాను, మిగతాదంతా నాకు వచ్చిన రూపంలోనే కింద ఇస్తున్నాను. విస్తీర్ణం హెక్టార్లలో, ఉత్పత్తి టన్నుల్లో, దిగుబడి హెక్టారుకు కిలోల్లో ఉన్నాయని తలకట్టు చెబుతోంది.

| ప్రాంతం | విస్తీర్ణం | ఉత్పత్తి | దిగుబడి |
|---|---|---|---|
| 1 | 1,240 | 3,720 | 3,000 |
| 2 | 680 | 2,408 | 2,800 |
| 3 | 2,150 | 6,880 | 3,200 |
| 4 | 540 | 13,500 | 2,500 |
| 5 | 1,600 | 6,138 | 2,900 |
| 6 | 1,980 | 1,944 | 3,100 |
| 7 | 720 | 4,640 | 2,700 |
| 8 | 1,310 | 3,930 | 3,000 |
| మొత్తం | 10,400 | 43,160 | 2,900 |

ముందుగా ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకున్నాను. వచ్చిన పట్టికలో ఒక్క గడి కూడా ముట్టుకోలేదు. నా లెక్కలన్నీ కుడివైపు ఖాళీగా ఉన్న నిలువు వరుసల్లో వేసుకున్నాను. మొదట చూసింది ఏ గడిలో ఫార్ములా ఉంది, ఏ గడిలో టైపు చేసిన అంకె ఉంది అన్నది. ఇక్కడ ఉత్పత్తి మొత్తం ఫార్ములా, విస్తీర్ణం మొత్తం టైపు చేసిన అంకె, దిగుబడి వరుసంతా టైపు చేసినదే. ఈ తేడా తర్వాత చాలా పనికొచ్చింది. ఫార్ములాతో వచ్చిన మొత్తం పైనున్న తప్పును కూడా కలుపుకొని ఎప్పుడూ సరిపోతుంది, కాబట్టి అది దేనికీ సాక్ష్యం కాదు. టైపు చేసిన మొత్తం ఎక్కడో మూల లెక్క నుంచి వచ్చి ఉంటుంది, అందుకే దానికి విలువ ఎక్కువ. అది కలవలేదని దాని మీద కొత్త కూడిక రాసేస్తే ఉన్న ఒక్క ఆధారాన్నీ మనమే చెరిపేసినట్టు.

కూడిక పరీక్షకు ఈ రెండు గీతలు చాలు:

```
=COUNT(B2:B9)
=SUM(B2:B9)-B10
```

మొదటిది 8 చూపాలి. 7 చూపితే ఏదో ఒక గడిలోని అంకెను షీట్ అక్షరంగా భావిస్తోందని అర్థం. అలాంటి గడిని `SUM` చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది, కంటికి మాత్రం అంకె మామూలుగానే కనిపిస్తుంది. ఇక్కడ 8 వచ్చింది. రెండోది -180 చూపింది. వరుసలు కూడితే 10,220, కింద రాసినది 10,400.

తేడా రాగానే పూర్ణాంకాలకు సవరించడం వల్లేనేమో అన్న అనుమానాన్ని ముందే తేల్చుకోవాలి. ఎనిమిది అంకెల్లో ఒక్కొక్కటి అరదాకా అటూ ఇటూ జరగవచ్చు, మొత్తం తాను ఇంకో అర జరగవచ్చు. అన్నీ ఒకే దిక్కుకు పోయినా తేడా 4.5 దాటదు. 180 దానితో వచ్చేది కాదు.

180ని 9తో భాగిస్తే 20, శేషం లేదు. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9 గుణిజమే. భాగఫలం ఎక్కడ వెతకాలో కూడా చెబుతుంది. 20 అంటే పదుల స్థానంలోని అంకె, వందల స్థానంలోని అంకె మారిపోయాయి, వాటి మధ్య తేడా రెండు. కూడిక తక్కువ వచ్చింది కాబట్టి సరైన అంకె ఇప్పుడున్నదాని కంటే పెద్దది. ఈ షరతులన్నీ తీరేవి రెండే: 1,240 నిజానికి 1,420 అయి ఉండాలి, లేదా 680 నిజానికి 860 అయి ఉండాలి. రెండింటిలో ఏదో కూడిక చెప్పలేదు. అనుమానం అని రాసుకుని ముందుకు వెళ్లాను.

ఉత్పత్తి వరుస కూడితే తేడా సున్నా. కూడికతో ఆగిపోయేవాళ్లకు ఈ పట్టికలో ఉన్నది ఒకే ఒక్క తప్పు.

అసలు పని ఇక్కడి నుంచి. మూడు నిలువు వరుసల మధ్య ఒక బంధం ఉంది: ఉత్పత్తిని కిలోలు చేసి విస్తీర్ణంతో భాగిస్తే దిగుబడి రావాలి. దాన్ని ఐదో నిలువు వరుసలో వేసి, రాసిన దిగుబడితో పోల్చాను.

```
=ROUND(C2*1000/B2,0)
```

1, 3, 8 ప్రాంతాలు అచ్చంగా కలిశాయి. మిగిలిన ఐదూ కలవలేదు. 2లో 3,541 వచ్చింది, 4లో 25,000, 5లో 3,836, 6లో 982, 7లో 6,444. ఈ పరీక్ష చేసే ముందు దిగుబడి వరుసలో ఫార్ములా లేదని నిర్ధారించుకోవాలి. అక్కడ ఫార్ములానే ఉంటే తప్పు అంకెల నుంచే తప్పు దిగుబడి పుట్టి అన్నీ చక్కగా కలుస్తాయి. అప్పుడు పోల్చాల్సింది అదే ప్రాంతాల కిందటేటి దిగుబడితో.

2వ ప్రాంతం సంగతి వెంటనే తేలిపోయింది. 680 బదులు 860 పెడితే 2,800 వస్తుంది, రాసిన దిగుబడి అదే. 1వ ప్రాంతం ఉన్నది ఉన్నట్టే కలుస్తోంది. కూడిక వదిలేసిన చిక్కును నిష్పత్తి విప్పింది.

4వ ప్రాంతంలో వచ్చినది రాసినదానికి సరిగ్గా పది రెట్లు. కొలమానం మారినప్పుడు రెట్ల సంఖ్య ఇలా నిక్కచ్చిగా ఉంటుంది. టన్నుకు పది క్వింటాళ్లు కాబట్టి ఆ ప్రాంతం వాళ్లు లెక్కను క్వింటాళ్లలో పంపి ఉంటారన్నది మొదటి ఊహ. అయితే పొరపాటున ఒక సున్నా ఎక్కువ పడినా పదే వస్తుంది. డబ్బు పట్టికల్లో లక్షలూ మిలియన్లూ కలిసిపోయినా పదే. ఏది జరిగిందో మూల కాగితమే చెప్పాలి. ఇది తేల్చుకోవడం ఎందుకంటే, క్వింటాళ్లే అయితే ఆ ప్రాంతం పంపిన మిగతా పంటల పట్టికలన్నీ కూడా చూడాల్సి వస్తుంది. సున్నా పొరపాటైతే ఈ ఒక్క గడితో సరి.

7వ ప్రాంతం దగ్గర తడబడే అవకాశం ఉంది. అక్కడ వచ్చినది రాసినదానికి 2.39 రెట్లు. హెక్టారుకు 2.471 ఎకరాలు కాబట్టి ఎకరాల గందరగోళమేమో అనిపిస్తుంది. కాదు. 720 హెక్టార్ల వరుసలో పూర్ణాంకాలకు సవరించడం వల్ల వచ్చే తేడా శాతంలో పదో వంతు మించదు. 2.39కీ 2.471కీ మధ్య తేడా మూడు శాతం దాటింది. కొలమానం తప్పు దాదాపుగా సరిపోవడం అంటూ ఉండదు. సరిపోతే సరిపోతుంది, లేకపోతే కారణం వేరే ఉంటుంది.

ఆ కారణం పైవరుసలతో కలిపి చూస్తే బయటపడింది. ఒకదాని కింద ఒకటి మూడు వరుసలు తప్పు, ఒకటి ఎక్కువ, ఒకటి బాగా తక్కువ, ఒకటి బాగా ఎక్కువ, ఎన్ని రెట్లన్నది ఏ కొలమానానికీ సరిపోదు, మొత్తం మాత్రం చెడలేదు. వరుసలు జరిగిపోయినప్పుడు పట్టిక ఇలాగే కనిపిస్తుంది. అంకెలన్నీ అవే, స్థానాలే మారాయి, కాబట్టి కూడికకు తెలిసే దారే లేదు. నిర్ధారణకు లెక్కను తిరగేశాను: విస్తీర్ణాన్ని రాసిన దిగుబడితో గుణించి, కిలోలను టన్నులు చేశాను.

```
=B6*D6/1000
```

5వ ప్రాంతానికి 4,640 రావాలని తేలింది. ఆ అంకె 7వ ప్రాంతం ఎదురుగా కూర్చుని ఉంది. 6కు రావాల్సిన 6,138 ఐదులో ఉంది, 7కు రావాల్సిన 1,944 ఆరులో ఉంది. అంటే 6, 7 ప్రాంతాల ఉత్పత్తి ఒక్కో మెట్టు పైకి జరిగి, 5వ ప్రాంతానిది వాటి కిందకు చేరింది. ఇలా ఎందుకు జరుగుతుందో కూడా ఈ ఆకారమే సూచిస్తుంది. విస్తీర్ణం ఒక కాగితం నుంచి, ఉత్పత్తి ఇంకో కాగితం నుంచి వచ్చి, రెండో దానిలో 5వ ప్రాంతం 7 తర్వాత ఉంటే, నిలువు వరుస మొత్తాన్ని కాపీ చేసి అతికించినప్పుడు కచ్చితంగా ఇదే వస్తుంది. ఉత్పత్తి మూల కాగితం తెప్పిస్తే అందులో క్రమం 4, 6, 7, 5, 8 అనే ఉంది.

ఇక చివరి అడ్డువరుస. 43,160 టన్నులను 10,400 హెక్టార్లతో భాగిస్తే హెక్టారుకు 4,150 కిలోలు. ఏ ఒక్క ప్రాంతం రాసిన దిగుబడీ 3,200 దాటలేదు. మొత్తం మీది సగటు, వరుసల్లోని కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యనే ఉండాలి. దాటిందంటే పైన ఏదో పెద్ద అంకె తప్పని అర్థం. సమయం తక్కువగా ఉంటే నేను మొదట వేసే లెక్క ఇదే, ఎందుకంటే ఒక్క భాగహారంతో 4వ ప్రాంతం లాంటి తప్పు బయటికి వస్తుంది. పట్టికలో రాసిన 2,900 ఇంకో రకం తప్పు. ఎనిమిది దిగుబడులను కూడి ఎనిమిదితో భాగించారు. 540 హెక్టార్ల ప్రాంతానికీ 2,150 హెక్టార్ల ప్రాంతానికీ సమాన బరువు ఇచ్చినట్టయింది. శాతాలు, రేట్లు, తలసరి అంకెలు ఉన్న ఏ నిలువు వరుసకైనా మొత్తం గడిని వరుసల సగటుతో నింపకూడదు, మొత్తాలను భాగించే తీసుకోవాలి.

ఈ పరీక్షలన్నిటికీ అందనిది ఒకటుంది: ప్రాంతాల పేర్లే జరిగిపోవడం. విస్తీర్ణం, ఉత్పత్తి, దిగుబడి మూడూ కలిసి పక్క ప్రాంతం పేరు పక్కన పడితే నిష్పత్తులు, కూడికలు అన్నీ కలుస్తాయి. ఇంగ్లిష్ అక్షర క్రమంలో ఉన్న పేర్లను తెలుగులోకి మార్చి, పేర్ల గడులను మాత్రమే అకారాది క్రమంలో పెట్టినప్పుడు ఇది జరుగుతుంది. పట్టిక లోపల దీనికి పరీక్ష లేదు. పాత ఏడాది పట్టికను పక్కన పెట్టి, విస్తీర్ణంలో పెద్ద ప్రాంతం ఏది, చిన్నది ఏది అని చూశాను. విస్తీర్ణం ఏటేటా కొద్దిగానే మారుతుంది కాబట్టి, పెద్దది ఒక్కసారిగా చిన్నదైతే పేరు అనుమానించాలి. ఇక్కడ పేర్లు సరిగ్గానే ఉన్నాయి.

నా లెక్కలో 2వ ప్రాంతం విస్తీర్ణం 860, 4వ ప్రాంతం ఉత్పత్తి 1,350 అని వచ్చినా వాటిని నేరుగా పట్టికలో రాయలేదు. ఏ గడి, ఇప్పుడున్న అంకె, అనుమానించిన అంకె, కారణం అని నాలుగు నిలువు వరుసల జాబితా చేసి మూల కాగితాలతో సరిచూశాను. దిగుబడే తప్పుగా టైపు చేసి ఉంటే నా ఊహ కూడా తప్పేది. 2వ ప్రాంతానికి కాగితంలో 860 ఉంది. 4వ ప్రాంతం కాగితంలో 13,500 పక్కన క్వింటాళ్లు అని రాసి ఉంది. అన్నీ దిద్దాక మొత్తం పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేశాను, ఎందుకంటే ఒక తప్పు ఇంకో తప్పును కప్పి ఉంచవచ్చు. ఈసారి విస్తీర్ణం కూడితే 10,400 వచ్చింది, టైపు చేసిన మొత్తంతో తేడా లేదు. ఉత్పత్తి 31,010 టన్నులు. దిగుబడి గడిలో 2,982.