చీటీ ఊడిన రాళ్లు

మా నల్గొండ కాలేజీ జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఒక పాత గాజు బీరువా ఉండేది. వానాకాలం తేమకు జిగురు వదిలి శిలాజాల పేరు చీటీలన్నీ అరల్లో రాలిపడేవి. సార్ వాటిని తిరిగి అతికించనిచ్చేవారు కాదు. ప్రాక్టికల్స్‌లో చూసి గుర్తుపట్టాల్సిన స్పాటర్లుగా చీటీ లేనివే, అందులోనూ విరిగినవే పెట్టేవారు. గుల్ల నిండు చుట్టగా ఉంటే అది అమ్మోనైటు అనే అంతరించిన సముద్రజీవిదని ఎవరైనా చెబుతారని ఆయన వాదన.

ఒకసారి నా ముందుకు అరచేతిలో సగమైనా లేని నల్లటి ముక్క వచ్చింది. పైన వరుసగా గట్లు. చిక్కంతా అక్కడే. ట్రైలోబైటు అనే మరో అంతరించిన సముద్రజీవి నడుము భాగానికీ గట్లుంటాయి, శిలగా మారిన కలపకూ నిడివిన గీతలుంటాయి. సార్ నేర్పిన పద్ధతిలో ముందు గట్లను వదిలి అంచు చూశాను. వంపు తిరిగి ఉంది, ఒక చివర సన్నం, మరో చివర లావు. పెరిగే కొద్దీ వెడల్పయ్యే చుట్టలో ముక్క అయితేనే అలా ఉంటుంది. తర్వాత గట్టు వెంట వేలు పోనిచ్చాను. ట్రైలోబైటైతే నిడివిన సాగే రెండు గాడులు దేహాన్ని మూడు పట్టీలుగా విడదీస్తాయి, ప్రతి గట్టూ ఆ గాడుల దగ్గర దిగి మళ్లీ లేస్తుంది. ఇక్కడ గట్టు లోపలి అంచు నుంచి తెగకుండా వచ్చి, బయటి అంచు దగ్గర రెండుగా చీలింది.

అసలు సాక్ష్యం మరో పక్క దొరికింది. గుల్ల ఊడిన చోట ఆకు అంచులా నొక్కులు పడిన సన్నని గీత. అమ్మోనైటు గుల్ల లోపల అరలుంటాయి, జంతువు చివరి అరలో ఉండేది. అరల మధ్య గోడలు గుల్లను తాకే చోట ముడతలు పడతాయి. లోపల బురద నిండి గట్టిపడి, గుల్ల పోయాకే ఆ గీత బయటపడుతుంది. గుల్ల మెరుస్తూ మిగిలిన నమూనాలో దాని కోసం వెతకడం వృథా. నత్తగుల్లకు అరలే ఉండవు కాబట్టి ఆ గీతా ఉండదు. మన పూజగదుల్లోని సాలగ్రామాల్లో చాలావరకు గండకీ నది నుంచి వచ్చిన అమ్మోనైట్లే. కానీ నీటి ఒరిపిడికి అరిగినవి కాబట్టి చాలాసార్లు చక్రం ముద్రే మిగులుతుంది.

కలప విషయంలో మోసపోయేది అగేటు అనే చారల రాయి వల్ల. తెగిన చివరను పదింతల భూతద్దంతో చూస్తే కలపలో వరుస వరుసల కణాల గళ్లు కనిపిస్తాయి, అగేటు చారలో నునుపే తప్ప గళ్లుండవు. సిలికాతో నిండిన కలప అయితే మామూలు చాకుకు లొంగదు. సున్నపు అమ్మోనైటు మీద గీత పడుతుంది, పలుచని ఆమ్లం చుక్కకు నురగ కూడా వస్తుంది.

సెలవుల తర్వాత మా జిల్లాలోని వాడపల్లి వైపు నుంచి సున్నపురాయి పలకలు తెచ్చి శిలాజమంటూ చూపినవారు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. ఆ సున్నపురాయి ట్రైలోబైట్లు పుట్టక ముందే ఏర్పడింది, జిల్లా గ్రానైటు ఇంకా పాతది. పలక మీది నల్లని ఆకు బొమ్మ పగుళ్లలో ఇంకిన మాంగనీసు. దానికి మందం ఉండదు, ఈనె ఉబ్బదు, గోటికి ఏమీ తగలదు. అందుకే బీరువాలోని ఈ మూడు రకాల నమూనాలూ బయటి నుంచి కొని తెచ్చినవే.