కొలిమి, సుత్తి ఒకే చేతిలో పడేదెన్నిసార్లు?

నా డెక్‌లో 40 ముక్కలు. ఆట మొదట్లో 5 పంచుకోవాలి. 'కొలిమి' 3, 'సుత్తి' 3 పెట్టాను. రెండూ తొలి చేతిలోనే పడితే ఆట దాదాపు నాదే. అవి ఎన్నిసార్లు పడతాయో లెక్క వేద్దామని కూర్చున్నాను.

ముందు కొలిమి ఒక్కటే చూశాను. ఒక్కో ముక్క కొలిమి అయ్యే అవకాశం 3/40, ఐదు ముక్కలు కాబట్టి 15/40, అంటే 37.5 శాతం అనుకున్నాను. ఇదే లెక్కను 8 కొలిములకు వేసి చూస్తే సరిగ్గా 100 శాతం వచ్చింది! మిగతా 32 ముక్కల్లోంచి ఐదు పడితే కొలిమి లేని చెయ్యి వచ్చినట్టేగా, నూరు శాతం ఎలా అవుతుంది? అప్పుడు అర్థమైంది, నేను లెక్కేసింది సగటున చేతికి ఎన్ని కొలిములొస్తాయన్నది. రెండు కొలిములున్న చెయ్యి అందులో రెండుసార్లు లెక్కకొచ్చేస్తుంది.

అందుకే తిరగేశాను: అసలు కొలిమి రాకపోవడం ఎంత?

37/40 × 36/39 × 35/38 × 34/37 × 33/36

పైనా కిందా 37, 36 కొట్టేస్తే మిగిలేది 39270/59280, అంటే 66.2 శాతం. కనీసం ఒక కొలిమి వచ్చేది 33.8 శాతం.

ఇక జోడీ సంగతి. 33.8ని 33.8తో గుణిస్తే 11.4 శాతం. ఇక్కడ మళ్లీ తప్పటడుగే. కొలిమి ఒక స్థానం తీసుకున్నాక సుత్తికి మిగిలేవి నాలుగే కదా! సరైన దారి ఇది: ఒకటి నుంచి కొలిమి లేని చేతులు తీసెయ్యాలి, సుత్తి లేనివీ తీసెయ్యాలి. రెండూ లేని చేతులు రెండుసార్లు పోయాయి కాబట్టి ఒకసారి తిరిగి కలపాలి.

```
from math import comb
def raadu(k): return comb(40-k,5)/comb(40,5)
print(1 - 2*raadu(3) + raadu(6))
```

వచ్చింది 0.098. పదింటికి ఒకటి కూడా లేదు. నమ్మకం కుదరక ముక్కలు కలిపి 50 సార్లు పంచాను. జోడీ 6 సార్లు పడింది. కానీ 50 చేతుల్లో 9.8 శాతమంటే దాదాపు 5, 11.4 అంటే దాదాపు 6. ఆ ఒక్క తేడాతో ఏ లెక్క సరైనదో తేలదు. మధ్యాహ్నమంతా వృథా.

తర్వాత కొలిమిని వెతికి తెచ్చే 'దూత'లు మూడు చేర్చి, అంతగా పనికిరాని మూడు ముక్కలు తీసేశాను. ఇప్పుడు కొలిమి వైపు 6 ఉన్నట్టే. `1 - raadu(6) - raadu(3) + raadu(9)` వేస్తే 17.3 శాతం. అయితే దూత కొలిమినైనా సుత్తినైనా తేగలిగితే ఈ సూత్రం పనికిరాదు. ఒకే దూతను రెండు వైపులా లెక్కెయ్యడమవుతుంది, కానీ ఆటలో అది తెచ్చేది ఒక్కటే.

ఎంత చేసినా ఆరు ఆటల్లో దాదాపు ఐదింట జోడీ మొదట్లో పడదు. అందుకే ఇంకో నాలుగు ముక్కలు తీసేసి, ఒంటరి కొలిమితోనూ నెట్టుకురాగల ముక్కలు పెట్టాను.