సోమ్ గురించి ఊరికి ఎలా తెలిసింది

ఈరోజు సెలవు, బయటికి వెళ్లే పనీ లేదు. మధ్యాహ్నమంతా మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ పోరు గురించి చదువుతూ కూర్చున్నా. 1916 జూలై 1న, ఒక్కరోజే బ్రిటిష్ సైన్యంలో 57,470 మంది చనిపోవడమో గాయపడటమో గల్లంతవడమో జరిగింది, వాళ్లలో 19,240 మంది ప్రాణాలే పోయాయి. కానీ రెండు రోజుల తర్వాత లండన్ పేపర్లు చూసినవాళ్లకి మొత్తమ్మీద ఆ రోజు మనకి బాగానే గడిచిందన్న భావనే కలిగింది.

విలేకరులు అక్కడ లేరేమో అనుకుంటాం గానీ, ఉన్నారు. 1914లో బ్రిటన్ యుద్ధ మంత్రి కిచెనర్ వాళ్లని యుద్ధరంగం దగ్గరికే రానివ్వలేదు, ఫిలిప్ గిబ్స్ లాంటివాళ్లని అరెస్టు కూడా చేశారు. 1915లో మాత్రం కొద్దిమందికి అనుమతి దొరికింది. ఆఫీసర్ యూనిఫాం, చేతికి ఆకుపచ్చ పట్టీ, ఎక్కడికెళ్లినా వెంట ఒక ఆఫీసరు, రాసింది పంపే ముందు సెన్సార్ చూపు. నాకు ఆసక్తిగా అనిపించింది ఏంటంటే, తమని తామే సెన్సార్ చేసుకున్నామని తర్వాత గిబ్సే ఒప్పుకున్నాడు. సెన్సార్ పెన్సిల్ కన్నా ఇదే ఎక్కువ పని చేసిందని నాకనిపిస్తుంది, ఎందుకంటే సైన్యం పెట్టే తిండి తింటూ, సైన్యం కార్లలో తిరుగుతూ, ఇంట్లోవాళ్లు బెంగపడకూడదని మనసులో పెట్టుకుని రాసేవాడికి ఏం వదిలేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

సైనికుల ఉత్తరాలైనా నిజం చెబుతాయా అంటే, వాటిని వాళ్ల ఆఫీసర్లే చదివేవాళ్లు. ఇక ముందే అచ్చువేసిన కార్డు ఒకటుండేది. 'నేను క్షేమం', 'ఆసుపత్రిలో చేరాను' లాంటి వాక్యాల్లో అక్కర్లేనివి కొట్టేసి, తేదీ, సంతకం పెట్టాల్సి వచ్చేది. ఇంకొక్క మాట చేర్చినా కార్డుని చించేసేవాళ్లు.

ఇంగ్లండ్‌లో లాంకషైర్‌లోని ఆక్రింగ్టన్ అనే ఊరి సంగతి చదివాక మాత్రం కాసేపు పుస్తకం మూసేశాను. అక్కడి కుర్రాళ్లని ఒకే బెటాలియన్‌లో చేర్చి సెర్ అనే ఊరి మీదికి పంపితే, దాదాపు 720 మందిలో 584 మంది చనిపోయారు, గాయపడ్డారు, లేదా గల్లంతయ్యారు. పేపర్లలో ముందడుగు అని వస్తోంది, ఇళ్లకి ఉత్తరాలు మాత్రం రావట్లేదు. గాయపడి ఇంగ్లండ్ ఆసుపత్రులకి చేరినవాళ్ల ద్వారా కబురు మెల్లగా పాకింది, జనం నిజం చెప్పమంటూ మేయర్ ఇంటి చుట్టూ మూగారు. ఆఫీసరు చనిపోతే ఇంటికి టెలిగ్రామ్ వచ్చేది, మామూలు సిపాయి అయితే పోస్టులో ఒక ఫారం. ఆ తేడా నాకు మింగుడు పడలేదు. పేపర్లో పేర్లు కూడా ఒకేసారి రాలేదు, వారాల తరబడి కొన్ని కొన్నిగా వచ్చాయి, కాబట్టి మొత్తం ఎంతమందో పాఠకుడు లెక్కేసుకునే అవకాశమే లేదు.

డైలీ మెయిల్ పేపర్‌కి రాసిన విలేకరి బీచ్ థామస్, తను అప్పుడు రాసినదానికి చాలా సిగ్గుపడ్డానని 1925లో రాసుకున్నాడు. అంతకు ఐదేళ్ల ముందే, 1920లో, అతనికీ గిబ్స్‌కీ 'సర్' బిరుదులు వచ్చేశాయి.