నోట్‌లో రోగం పూర్తిగా పడేదాకా: సీడీఐ డెస్క్ నుంచి నా అనుభవం

ఇండియాలో ఎంబీబీఎస్ చేసి అమెరికా వచ్చినవాళ్ళలో రెసిడెన్సీ దొరికేలోపు కొందరు, దొరక్క ఇంకొందరు చేరే ఉద్యోగం ఒకటుంది. దాన్ని క్లినికల్ డాక్యుమెంటేషన్ ఇంటెగ్రిటీ, పొట్టిగా సీడీఐ అంటారు. డాక్టర్లు కంప్యూటర్లో రాసే నోట్స్ చదివి, పేషెంటుకి నిజంగా ఉన్న జబ్బు ఆ రాతలో కనిపిస్తోందో లేదో చూసుకోవడం మా పని. కనిపించకపోతే డాక్టరుకి ఒక ప్రశ్న పంపుతాం, దాన్నే క్వెరీ అంటాం. మా తర్వాత కోడర్లు ఆ నోట్స్‌ని ఒక్కో రోగానికి ఒక్కోటి ఉండే ఐసీడీ కోడ్‌లుగా మారుస్తారు, బిల్లు వాటి మీదే వెళ్తుంది. నేను గుంటూరు జిల్లా అమ్మాయిని, ఇప్పుడు ఒహాయోలో ఈ పని చేస్తున్నాను. నాకు చాలా నేర్పిన ఒక చార్టు గురించి చెప్తాను. పేషెంటుని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

డెబ్బై దాటిన పెద్దాయన. బీపీ ఉంది, గుండె బలహీనంగా ఉందని ముందే తెలుసు. రాత్రిపూట ఊపిరి అందక అంబులెన్సులో వచ్చారు. ఎమర్జెన్సీలో ఆక్సిజన్ పెట్టకుండా మామూలు గాలి మీద ఉన్నప్పుడు ఆక్సిజన్ శాచురేషన్ 82 శాతం, నిమిషానికి 32 సార్లు ఊపిరి, రెండు మాటలు మాట్లాడితే ఆగిపోవడం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా నీరు. వెంటనే ఒత్తిడితో గాలి పంపే బైపాప్ మాస్కు పెట్టి, నరంలోకి నీరు తీసే మందు ఫ్యూరోసెమైడ్, అంటే లేసిక్స్ ఇచ్చారు. అడ్మిట్ చేసుకున్న డాక్టరు అసెస్‌మెంట్‌లో ఉన్నది ఇంతే:

```
CHF exacerbation - IV Lasix
Hypoxia - on BiPAP
↑Cr - monitor
HTN
```

గుండె వైఫల్యం ముదిరింది, ఆక్సిజన్ తగ్గింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది, బీపీ ఉంది అని. ఏ డాక్టరైనా ఇది చదివితే పేషెంటు పరిస్థితి అర్థమవుతుంది. కోడరుకి మాత్రం అర్థం చేసుకునే హక్కు లేదు. శాచురేషన్ 82 అని నర్సు రాసినా, బైపాప్ ఆర్డరు కళ్ళముందున్నా, రోగం పేరు చికిత్స చేస్తున్న డాక్టరే రాయాలి. కోడరు ఊహించి కోడ్ వేస్తే అది తప్పుడు బిల్లు కిందకి వస్తుంది. కాబట్టి ఆ నోట్ ప్రకారం హైపాక్సియాకి పడేది R09.02. అది ఒక లక్షణం మాత్రమే, బిల్లు లెక్కలో దానికి బరువు లేదు.

ఆ లెక్క గురించి రెండు మాటలు. పెద్దవాళ్ళకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికేర్. అది ఇన్‌పేషెంట్ బిల్లుని ఎన్ని రోజులున్నారు, ఎన్ని టెస్టులు చేశారు అని చూసి కట్టదు. అడ్మిషన్‌కి కారణమైన ప్రధాన రోగాన్ని బట్టి కేసు డీఆర్‌జీ అనే ఒక గుంపులో పడుతుంది, ఆ గుంపుని బట్టే డబ్బు. గుండె వైఫల్యానికి ఆ గుంపులు 291, 292, 293. ప్రధాన రోగంతో పాటు పెద్ద కాంప్లికేషన్, అంటే ఎంసీసీ, ఒక్కటున్నా 291. మామూలు కాంప్లికేషన్, అంటే సీసీ ఉంటే 292. ఏదీ లేకపోతే 293. 293కి వచ్చేది 291లో దాదాపు సగమే. బైపాప్ మీద రాత్రంతా పెనుగులాడిన మనిషి, ఆ నాలుగు లైన్ల ప్రకారం 293లో ఉన్నారు. డబ్బు సంగతి అలా ఉంచినా, రేపు ఆయనకేమైనా అయితే రికార్డులో తేలికపాటి కేసు చనిపోయినట్టు కనిపిస్తుంది. ఆసుపత్రి మరణాల రేటుని ఎంత తీవ్రమైన పేషెంట్లు వచ్చారన్న దానితో పోల్చి చూస్తారు, ఆ తీవ్రత కూడా ఈ కోడ్‌ల నుంచే తీస్తారు.

మొదటి క్వెరీ ఊపిరి గురించి పంపాను. క్వెరీ రాయడానికి కట్టుబాట్లున్నాయి. ‘రెస్పిరేటరీ ఫెయిల్యూర్ అని రాయగలరా’ అని అడగకూడదు, డబ్బు ఊసు అసలే ఎత్తకూడదు. చార్టులో ఉన్న ఆధారాలు వరుసగా పెట్టి, ‘వీటికి సంబంధించిన రోగనిర్ధారణ ఏమిటి’ అని అడిగి, వైద్యపరంగా పొసిగే ఆప్షన్లు ఇచ్చి, చివర ‘ఇతరం’, ‘చెప్పలేను’ అనేవి కూడా పెట్టాలి. నేను 82, 32, రెండేసి మాటలు, బైపాప్, ఎక్స్‌రే, అన్నీ ఎక్కడ ఉన్నాయో చూపిస్తూ రాసి పంపాను.

అడ్మిట్ చేసుకున్న ఆ డాక్టరు కూడా మనవాళ్ళే. ఫోన్ చేశారు.

“ఏమ్మా, బైపాప్ పెట్టానంటే ఊపిరితిత్తులు చేతులెత్తేశాయనే కదా? అది కూడా విడిగా రాయాలా?”

“రాయాలి సార్. నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా వాళ్ళకీ బైపాప్ పెడతారు. ఇక్కడ ఎందుకు పెట్టారో మీరే చెప్పాలి.”

“సరే, ఫెయిల్యూర్ అని పెట్టేస్తా.”

“మీ నిర్ణయం సార్. ఏది రాసినా, దేన్ని చూసి అలా అనుకున్నారో కూడా రాయండి. ఎప్పుడు మొదలైందో కూడా.”

ఆ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా చార్టులు అక్కడే చిక్కుకుంటాయి. ప్రతి రోగానికీ అడ్మిషన్ సమయానికే ఉందా లేదా అని ఒక అక్షరం పక్కన వేస్తారు, ఉంటే Y, లేకపోతే N. రెండో రోజు నోట్‌లో మొదటిసారి ‘రెస్పిరేటరీ ఫెయిల్యూర్’ అని కనిపిస్తే, అది ఇంటి దగ్గర నుంచే వచ్చిందా, మన వార్డులో వచ్చిందా అన్నది తేలదు. N పడితే ఆసుపత్రిలో వచ్చిన కాంప్లికేషన్‌లా కనిపిస్తుంది. డాక్టరుగారు సాయంత్రానికి ఈ మాటలు చేర్చారు:

```
Acute hypoxic respiratory failure, present on admission,
due to pulmonary edema: SpO2 82% RA, RR 32,
accessory muscle use, 2-word speech. BiPAP started.
```

దీనికి పడే కోడ్ J96.01, అది ఎంసీసీ. కేసు 291కి వచ్చింది. ఈ మూడు లైన్లలో రోగం పేరు, కారణం, ఆధారం, చికిత్స అన్నీ ఉన్నాయి. నాకు బాగా నచ్చింది మాత్రం ‘2-word speech’ అన్నది. అంకెలు ఎవరైనా కాపీ చేయగలరు, అది మంచం పక్కన నిలబడి చూసిన మనిషే రాయగలడు.

రెండో క్వెరీ క్రియాటినిన్ మీద. బాణం గుర్తు వేసి పక్కన ల్యాబ్ పేరు రాస్తే దానికి కోడ్ ఉండదు. ల్యాబ్ విలువ పెరిగిందని కోడరు తనంతట తాను రోగం పేరు పెట్టకూడదు కూడా. ఆయన పాత విలువ 1.1, వచ్చినప్పుడు 1.9. కిడ్నీ జబ్బులకి వాడే కేడీగో ప్రమాణం ప్రకారం 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో పాత విలువకి ఒకటిన్నర రెట్లయినా అది కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినడం, అంటే అక్యూట్ కిడ్నీ ఇంజ్యురీ, పొట్టిగా ఏకేఐ. ఇక్కడ ఒకటిన్నర రెట్లు అంటే 1.65, ఆయన దాన్ని దాటేశారు. పాత విలువ క్లినిక్ రికార్డుల్లో దొరికింది. అది దొరకకపోతే ఈ వాదనే నిలబడదు, అందుకే నేను ముందు దాన్నే వెతుకుతాను. డాక్టరుగారు ఏకేఐ అనీ, గుండె సరిగ్గా పంపు చేయలేక కిడ్నీల్లో రక్తం నిలవడం వల్ల అనీ రాశారు. N17.9, ఇది సీసీ.

గుండె వైఫల్యం రకం కూడా అడిగాను. పాత ఎకోలో ఈఎఫ్, అంటే గుండె ఒక్కో కొట్టుకి బయటికి పంపే రక్తం వాటా, 30 శాతం. డాక్టరుగారు ‘అక్యూట్ ఆన్ క్రానిక్ సిస్టాలిక్’, అంటే పాత పంపింగ్ బలహీనతే హఠాత్తుగా ముదిరింది అని రాస్తూ, “దీనికి బిల్లు బాగా పెరుగుతుందేమో కదా” అన్నారు. పెరగదు. అక్యూట్ సిస్టాలిక్ ఫెయిల్యూర్ వేరే రోగంతో అడ్మిట్ అయినవాళ్ళకి పక్కన ఉంటే ఎంసీసీ అవుతుంది. ఇక్కడ పేషెంటు అడ్మిట్ అయిందే దానితో. బీపీ కూడా ఉంది కాబట్టి ప్రధాన కోడ్ I11.0 అవుతుంది, దాని వెనక ఈ రకానికి వచ్చే I50.23 కాంప్లికేషన్ కింద లెక్కకి రాదు. ఏ రోగమూ తనకి తానే కాంప్లికేషన్ కాదు కదా. అయినా రకం రాయించాను. మళ్ళీ అడ్మిట్ అయ్యే ప్రమాదం లెక్కలకీ, తర్వాత చూసే డాక్టర్లకీ అది కావాలి.

అసలు టెన్షన్ ఆ తర్వాత వచ్చింది. మా టీములో ఒకావిడ చార్టు చూసి, “ఏటీఎన్ గురించి కూడా అడుగు. అది కూడా ఎంసీసీయే. రేపు ఇన్సూరెన్స్ వాళ్ళు రెస్పిరేటరీ ఫెయిల్యూర్ కొట్టేస్తే ఇది కాపాడుతుంది” అంది. ఇలాంటి సలహాలు మా పనిలో మామూలే. కానీ ఏటీఎన్ అంటే కిడ్నీ గొట్టాల కణాలే దెబ్బతినడం. అది రోజుల తరబడి తగ్గదు, మూత్రంలో ఆ కణాల మట్టిరంగు ముద్దలు, అంటే కాస్ట్‌లు కనిపించవచ్చు. ఈయనకి నీరు తీయగానే మూడో రోజుకి క్రియాటినిన్ 1.3కి దిగింది, మూత్రంలో ఏమీ లేదు. ఆధారం లేనప్పుడు ఆ పేరుని ఆప్షన్లలో పెట్టడం కూడా తప్పే, ఎందుకంటే బిజీగా ఉన్న డాక్టరు దాని మీద టిక్ పెట్టేయొచ్చు. నేను పంపలేదు.

డిశ్చార్జి సమ్మరీలో మళ్ళీ ఒక పట్టింపు. రెస్పిరేటరీ ఫెయిల్యూర్ ఒక్క నోట్‌లో కనిపించి తర్వాత మాయమైతే ఆడిటర్లు మొదట పట్టుకునేది దాన్నే. అలాగని నాలుగో రోజు పేషెంటు ఆక్సిజన్ లేకుండా టిఫిన్ చేస్తుంటే, కాపీ పేస్టులో ‘అక్యూట్ రెస్పిరేటరీ ఫెయిల్యూర్’ అని అలాగే ఉండిపోయినా చేటే. మొత్తం చార్టు మీదే నమ్మకం పోతుంది. ‘వచ్చినప్పుడు ఉంది, బైపాప్‌తో తగ్గింది’ అని సమ్మరీలో రాయించాను.

కొన్ని నెలలకి ఆయన మెడికేర్ ప్లాన్ నడిపే ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి లెటర్ వచ్చింది. బైపాప్ పెట్టకముందు రక్తంలో ఆక్సిజన్ టెస్టు చేయలేదు, శాచురేషన్ త్వరగా మెరుగుపడింది, కాబట్టి రెస్పిరేటరీ ఫెయిల్యూర్ ఒప్పుకోం, 292కే కడతాం అని. 293 అనకపోవడానికి కారణం కిడ్నీ లైను, దాని జోలికి వాళ్ళు రాలేదు. అప్పీలు లెటరులో మేం కొత్తగా ఏమీ కల్పించలేదు. ఆ టెస్టులో కొలిచే పీఓ2, అంటే రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి, అరవై కన్నా తక్కువ ఉండటం ఒక్కటే ప్రమాణం కాదనీ, గాలి మీద 82 శాతం, 32 ఊపిరులు, రెండేసి మాటలు అన్నీ డాక్టరు ఆరోజే రాశారనీ, శాచురేషన్ పెరిగింది బైపాప్ పెట్టాకనేననీ పేజీ నంబర్లతో చూపించాం. మొదటిసారి ఒప్పుకోలేదు. రెండో అప్పీలులో 291కే కట్టారు.

అదే డాక్టరుగారి ఇంకో చార్టు ఈమధ్య వచ్చింది. అదీ గుండె వైఫల్యమే, ‘అక్యూట్ హైపాక్సిక్ రెస్పిరేటరీ ఫెయిల్యూర్’ అని చక్కగా రాసి ఉంది. చూస్తే శాచురేషన్ 90, ఊపిరి 18, పూర్తి వాక్యాలు మాట్లాడుతున్నారు, రాత్రికి రెండు లీటర్ల ఆక్సిజన్ పెట్టి పొద్దున తీసేశారు. ఈసారి క్వెరీ ఎదురు దిశలో పంపాను: ఈ రోగానికి ఆధారాలు చెప్పగలరా, లేక నిర్ధారణ మార్చాలా అని. ఆయన దాన్ని హైపాక్సియాగా మార్చారు. 291లో ఉన్న కేసు 293కి దిగింది, నెలాఖరు రిపోర్టులో నా పేరు పక్కన మైనస్‌గా పడింది. కారణం అడిగితే క్వెరీ కాపీయే పంపాను.